సైబర్ కేఫ్ కంప్యూటర్‌లో పాస్‌వర్డ్: కీలాగర్ చేతికి చిక్కకుండా లాగిన్ కావడం ఎలా

సైబర్ కేఫ్‌లో మెయిల్ తెరిచి, పని ముగించుకుని, లాగౌట్ చేసి, బ్రౌజర్ చరిత్ర కూడా చెరిపేసి లేచి వచ్చేవాళ్లను చాలామందిని చూశాను. నిజానికి వాళ్లు జాగ్రత్తపరులే. కాకపోతే వాళ్లు తుడిచింది పని అయ్యాక మిగిలే ఆనవాళ్లను మాత్రమే. కీబోర్డు మీద నొక్కే ప్రతి అక్షరాన్నీ రహస్యంగా రాసుకునే కీలాగర్ అంతవరకు ఆగదు. పాస్‌వర్డ్‌లో మొదటి అక్షరం నొక్కగానే దాని పని మొదలవుతుంది, ఎంటర్ నొక్కేసరికి పూర్తవుతుంది. ఆ తరువాత ఎంత తుడిచినా పోయింది తిరిగి రాదు.

అందుకే ఇక్కడ చెప్పేదంతా ఒకే నియమాన్ని పట్టుకుని సాగుతుంది. ఆ కంప్యూటర్‌లో మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ ఎవరో ఒకరు తీరిగ్గా చదువుతారనే అనుకోండి. మీరు లేచి వచ్చాక ఎవరి చేతిలో పడినా పనికిరానిది మాత్రమే అక్కడ కొట్టండి.

## కీలాగర్‌కు ఏం కనిపిస్తుంది

ఒక ఉదాహరణ తీసుకుందాం. పద్మ అనే అమ్మాయి తనకొచ్చిన ఇంటర్వ్యూ లేఖను ప్రింటు తీసుకోవడానికి కేఫ్‌కు వెళ్లి, మెయిల్ తెరిచింది. ఆమె పాస్‌వర్డ్ `Kaluva#47` అనుకుందాం. ఆ కంప్యూటర్‌లో సాధారణ రకం కీలాగర్ ఉంటే, దాని ఫైలులో ఆమె లాగిన్ దాదాపు ఇలా నమోదవుతుంది:

```
[10:42] Sign in - Chrome
padma@example.com[TAB]Kaluva#47[ENTER]
```

తెరమీద పాస్‌వర్డ్ పెట్టెలో చుక్కలే కనిపించాయి. పేజీ చిరునామా కూడా https తో మొదలవుతుంది, అంటే దారికి తాళం వేసి ఉంది. రెండూ నిజమే, కానీ ఇక్కడ రెండింటివల్లా ఉపయోగం లేదు. చుక్కలు పక్కన నిలబడి చూసేవాళ్ల కళ్లను మాత్రమే కప్పుతాయి. ఆ తాళం బ్రౌజర్ నుంచి అవతలి సర్వర్ దాకా సాగే దారికి కాపలా. కీలాగర్ కూర్చునేది ఆ దారి మొదలుకాక ముందు, కీబోర్డుకూ బ్రౌజర్‌కూ మధ్య.

కీలాగర్లలో మూడు రకాలను వేరుగా గుర్తుపెట్టుకోవాలి. ఏ జాగ్రత్త దేనిమీద పనిచేస్తుందో, దేనిమీద పనిచేయదో తేలేది వీటి తేడాను బట్టే.

మొదటిది పరికరం. కీబోర్డు తీగకూ కంప్యూటర్‌కూ మధ్య బిగించే బొటనవేలి గోరంత ముక్క ఇది. తీగలో వెళ్లే ప్రతి నొక్కునూ తన లోపలి మెమొరీలో రాసుకుంటుంది. పెట్టినవాడు కొన్నాళ్లకు వచ్చి తీసుకుపోతాడు. వైఫై ఉన్న రకమైతే మళ్లీ చెయ్యి పెట్టే పని కూడా లేదు. కంప్యూటర్‌కు అది ఉన్నట్టే తెలియదు కనుక యాంటీవైరస్ దాన్ని పట్టుకోలేదు. అయితే దానికొక పెద్ద లోటు ఉంది. తెరమీద ఏముందో, మౌస్ ఎక్కడ నొక్కారో దానికి తెలియదు. దానికి తెలిసింది కీబోర్డు ఒక్కటే.

రెండోది ప్రోగ్రాము. కీబోర్డు నొక్కులను ఆపరేటింగ్ సిస్టమ్ లోపలే పట్టుకుని ఫైలులో రాస్తుంది. పైన చూపించిన నమోదు ఈ రకానిదే. ఏ కిటికీలో కొట్టారో దాని పేరు కూడా రాసుకుంటుంది. చాలా ప్రోగ్రాములు ఎప్పటికప్పుడు తెర ఫొటో కూడా తీస్తాయి, క్లిప్‌బోర్డులో ఉన్నదాన్నీ దాచుకుంటాయి.

మూడోది కీలాగర్ అన్న పేరుకు లొంగదు గానీ ముగ్గురిలో గడుసుది ఇదే. ఇది బ్రౌజర్ లోపల కూర్చుని, మీరు లాగిన్ బటన్ నొక్కగానే, తాళం పడకముందే ఫారం మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఎత్తుకుపోతుంది. 2007లో బయటపడిన జియస్ అనే దొంగ ప్రోగ్రాము బ్యాంకు ఖాతాలను ఈ పద్ధతిలోనే దోచింది. పాస్‌వర్డ్‌ను కీబోర్డుతో కొట్టారా, మౌస్‌తో నొక్కారా, తలకిందులుగా కొట్టారా అన్నది దానికి అనవసరం. పెట్టెలో చివరికి ఏముందో అదే దానికి కావాలి.

ఇదంతా ఊహించి చెబుతున్నది కాదు. 2003లో న్యూయార్క్‌లో ఒక యువకుడు కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. నగరంలో అద్దెకు కంప్యూటర్లు ఇచ్చే ఒక కాపీ దుకాణాల సంస్థకు చెందిన పదికి పైగా శాఖల్లో అతను కీలాగర్ ప్రోగ్రాము పెట్టాడు. సుమారు రెండేళ్లలో 450కి పైగా యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు పోగేశాడు. అతను దొరికిన తీరు గమనించదగ్గది. దొంగిలించిన వివరాలతో ఒక మనిషి ఇంటి కంప్యూటర్‌లోకి దూరం నుంచి ప్రవేశించాడు. ఆ సమయానికి ఆ మనిషి ఇంట్లోనే ఉన్నాడు. ఎవరూ ముట్టుకోకుండానే తెరమీద మౌస్ బాణం కదలడం చూశాడు. అది కంటపడి ఉండకపోతే ఆ దొంగతనం ఇంకెన్నాళ్లు సాగేదో. దుకాణం నడిపేవాళ్లకు ఈ సంగతే తెలియదన్నది కూడా గుర్తుంచుకోవాలి. యజమాని మంచివాడైనంత మాత్రాన కంప్యూటర్ శుభ్రంగా ఉందని కాదు. నిన్న అదే కుర్చీలో ఎవరు కూర్చున్నారో యజమానికి కూడా తెలియదు.

## మొదటి అడుగు: కూర్చునే ముందు రెండు నిమిషాలు

కీబోర్డు తీగను చేత్తో పట్టుకుని, అది కంప్యూటర్ పెట్టెలో దూరే చోటిదాకా వెళ్లండి. తీగ చివరి ప్లగ్ నేరుగా పెట్టెలోకి దిగాలి. మధ్యలో పెన్‌డ్రైవ్ లాంటి చిన్న ముక్క ఉండి, దాని వెనక నుంచి కీబోర్డు తీగ వస్తుంటే అనుమానించండి. కంప్యూటర్ల మరమ్మతు పని చేసిన రోజుల్లో అలాంటి ముక్కను ఒకసారి నా చేత్తోనే బయటికి తీశాను. నల్లగా, ఏ పేరూ అచ్చు లేకుండా ఉంది. వెనక దుమ్ము పట్టిన తీగల మధ్య అదొక్కటే దుమ్ములేకుండా నిగనిగలాడింది. నా కన్ను దానిమీద పడింది కూడా అందుకే.

మధ్యలో ముక్క ఉన్నంత మాత్రాన అది దొంగ పరికరమే కానక్కరలేదు. పాతకాలపు గుండ్రటి ప్లగ్‌ను యూఎస్‌బీకి మార్చే అడాప్టర్, తీగ పొడవు చాలక వేసిన ఎక్స్‌టెన్షన్ కూడా దాదాపు అలాగే ఉంటాయి. మీరే పీకేయకండి. నిర్వాహకుణ్ణి పిలిచి అదేమిటని అడగండి, కీబోర్డును పెట్టె ముందు భాగంలోని యూఎస్‌బీ రంధ్రంలో నేరుగా పెట్టమనండి. సరిగ్గా నడిచే కేఫ్‌లో దీనికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. పెట్టెను తాళం వేసిన చెక్క అరలో ఉంచారంటే మీకు కనిపించదు. అలాగే కీబోర్డు లోపలే అమర్చిన పరికరం బయటినుంచి ఎవరికీ కనిపించదు. కనుక ఏదైనా కనబడితే ఈ పరీక్ష పనికొచ్చినట్టు. కనబడకపోతే కంప్యూటర్ మంచిదని తేలినట్టు మాత్రం కాదు.

తరువాత ఒకసారి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయించండి. కొన్ని కేఫ్‌లలో రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ యంత్రాన్ని మొదటి స్థితికి తెచ్చే ప్రోగ్రాము ఉంటుంది. అది ఉంటే, మీకు ముందు కూర్చున్నవారు పెట్టిపోయిన కీలాగర్ దాంతోనే కొట్టుకుపోతుంది. ఆ మొదటి స్థితిలోనే కీలాగర్ ఉంటే మాత్రం అది కూడా నిక్షేపంగా తిరిగొస్తుంది.

బ్రౌజర్‌ను ఇన్‌కాగ్నిటో కిటికీలోనే తెరవండి. దానివల్ల కలిగే మేలు రెండే. ఎవరో జోడించిన ఎక్స్‌టెన్షన్లు, ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, అందులో నడవవు. అన్ని ఇన్‌కాగ్నిటో కిటికీలూ మూసేశాక చరిత్ర, మీరు లాగిన్ అయి ఉన్నారని గుర్తుంచే కుకీలు మిగలవు. కీలాగర్‌కు మాత్రం ఆ కిటికీ ఈ కిటికీ అన్న తేడా లేదు. ఇన్‌కాగ్నిటోలో ఉన్నాం కదా అని ధైర్యంగా బ్యాంకు తెరిచేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఆ నల్లటి తెర వాళ్లకు లేని రక్షణను ఉన్నట్టు చూపిస్తోంది.

టాస్క్ మేనేజర్ తెరిచి అనుమానాస్పదమైన పేర్లు వెతకమని చాలామంది సలహా ఇస్తారు. నా దృష్టిలో అది కాలయాపన. దాక్కోవడానికే రాసిన ప్రోగ్రాము ఆ జాబితాలో తన అసలు పేరుతో కనిపించదు.

## రెండో అడుగు: అసలు పాస్‌వర్డే కొట్టకుండా పని అవుతుందా

కేఫ్‌కు వెళ్లే పనుల్లో ఎక్కువ భాగం ప్రింటు తీసుకోవడం, ఫారం నింపడం, స్కాన్ చేయడం. వీటిలో దేనికీ మీ ప్రధాన మెయిల్ పాస్‌వర్డ్ అవసరం లేదు. ఫైలు మీ ఫోనులో ఉంది, ఫోను మీ చేతిలో ఉంది. కావలసిందల్లా ఆ ఒక్క ఫైలును ఆ కంప్యూటర్‌లోకి చేర్చడమే.

నాకు తెలిసినంతలో దీనికి అన్నిటికంటే నిక్కమైన పద్ధతి, కేఫ్ కోసమే ఒక చిల్లర మెయిల్ ఖాతా పెట్టుకోవడం. ఇంట్లో, మీ ఫోనులో, మీ పేరు లేని ఒక కొత్త మెయిల్ తెరవండి. దానికి పెట్టే పాస్‌వర్డ్ మరే ఖాతాకూ ఉండకూడదు. ఆ చిరునామాను ఏ బ్యాంకుకూ, ఏ దరఖాస్తుకూ ఇవ్వకండి. మీ ప్రధాన ఖాతా పాస్‌వర్డ్ మరిచిపోతే కోడ్ వచ్చే రికవరీ చిరునామాగా దాన్ని అస్సలు పెట్టకండి. అలా పెడితే చిల్లర ఖాతా చేజిక్కినవాడికి పెద్ద ఖాతా తాళంచెవి కూడా ఇచ్చినట్టే.

పద్మ ఇదే పద్ధతి పాటించి ఉంటే ఆమె పని ఇలా సాగేది. కేఫ్‌లో కూర్చున్నాక, ఫోనులో తన ప్రధాన మెయిల్ తెరిచి, ఇంటర్వ్యూ లేఖను మాత్రం చిల్లర ఖాతాకు పంపుతుంది. కంప్యూటర్‌లో చిల్లర ఖాతా తెరిచి, లేఖను ప్రింటుకిస్తుంది. కాగితం చేతికి రాగానే ఆ మెయిల్‌ను తొలగించి, చెత్తబుట్టలోంచి కూడా తొలగించి, లాగౌట్ అవుతుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడిన ఫైలును కూడా చెరిపేస్తుంది. ఇది చాలామంది మరిచిపోయే అడుగు. ఇంతా చేశాక కీలాగర్‌కు దక్కింది ఖాళీ డబ్బా తాళంచెవి.

మెయిల్ ద్వారా కాకుండా వాట్సాప్ వెబ్‌లో క్యూఆర్ కోడ్ చూపించి ఫైలు దించుకునేవాళ్లు ఉన్నారు. అందులో ఒక్క అక్షరం కొట్టనక్కరలేదు కనుక కీలాగర్‌కు దొరికేదేమీ లేదన్నది నిజమే. కానీ ఆ ఒక్క ఫైలు కోసం మీ సంభాషణలన్నీ ఆ తెరమీద పరిచినట్టవుతుంది. కిటికీ మూసినంత మాత్రాన ఆ సంబంధం తెగుతుందన్న హామీ కూడా లేదు. తప్పనిసరై వాడితే, కుర్చీలోంచి లేవకముందే ఫోనులో వాట్సాప్‌లోని `Linked devices` తెరిచి, అక్కడ కనిపించే ఆ కంప్యూటర్‌ను తొలగించండి.

ఫారం నింపే పని ఉన్నప్పుడు ఇంకొక మాట. కీలాగర్ పాస్‌వర్డ్‌లను మాత్రమే ఏరుకోదు. పుట్టిన తేదీ, గుర్తింపు సంఖ్యలు, కార్డు మీది అంకెలు, వెనకున్న మూడంకెలు, అన్నీ రాసుకుంటుంది. బ్యాంకు లావాదేవీ, కార్డు చెల్లింపు అక్కడ చేయవద్దు. ఫారం ఆ కంప్యూటర్‌లో నింపినా, చెల్లింపు దశను మీ ఫోనులో మీ సొంత డేటాతో పూర్తిచేయవచ్చేమో చూడండి.

## మూడో అడుగు: తప్పదంటే, ఒక్కసారికే చెల్లే కోడ్

ఫోను పోయింది, లేదా ఛార్జి అయిపోయి చచ్చిపడి ఉంది. ప్రధాన మెయిల్‌లోని చిరునామానో టికెట్టో ఇప్పుడే కావాలి. అసలైన పరీక్ష ఇలాంటి వేళే. దీనికి సిద్ధపడాల్సింది కేఫ్‌లో కాదు, అంతకుముందు ఇంట్లో.

రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్న ఖాతాకు పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు, రెండో కోడ్ కూడా కావాలి. కోడ్ ఇచ్చే యాప్ చూపించే ఆరంకెలు సాధారణంగా 30 సెకన్లకొకసారి మారిపోతాయి. కీలాగర్ ఫైలును సాయంత్రమో మరుసటి వారమో తెరిచి చూసేవాడికి ఆ అంకెలు ఎందుకూ పనికిరావు. ఫోను లేనప్పటి కోసం చాలా సేవలు బ్యాకప్ కోడ్‌లు ఇస్తాయి. గూగుల్ ఖాతాలో ఇవి 10 ఉంటాయి, ఒక్కోటి 8 అంకెలు, ఒక్కోటి ఒక్కసారే చెల్లుతుంది. ఖాతా భద్రతా సెట్టింగుల్లో రెండంచెల ధ్రువీకరణ విభాగంలో `Backup codes` అని ఉంటుంది. రెండు మూడు కోడ్‌లను చిన్న కాగితం మీద రాసుకోండి. పక్కన ఖాతా పేరు, పాస్‌వర్డ్ రాయకండి. వట్టి అంకెలే ఉంటే కాగితం పోయినా దొరికినవారికి అవి ఏ ఖాతావో తెలియదు. వాడిన కోడ్‌ను వెంటనే కొట్టేయండి. కాగితం పోయిందని తెలిసినా, కోడ్‌లు అయిపోవస్తున్నా కొత్త జాబితా తీసుకోండి. కొత్తది తీయగానే పాతవన్నీ రద్దవుతాయి.

కోడ్ అడిగే తెరమీద, ఈ కంప్యూటర్‌లో మళ్లీ అడగవద్దు అనే అర్థంతో ఒక చిన్న గడి ఉంటుంది. కొన్ని సేవల్లో అది ముందే టిక్ పెట్టి వస్తుంది. దాన్ని తీసేయండి. అలాగే వదిలేస్తే ఆ కంప్యూటర్‌లో మీ రెండో అంచెను మీరే తొలగించినట్టు.

ఫోను బతికే ఉండి, మీ ఖాతాకు పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్ బదులు ఫోనులో ఉండే డిజిటల్ తాళంచెవి, పెట్టుకుని ఉంటే ఇంకా మేలు. కంప్యూటర్ తెరమీది క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చదివి, వేలిముద్రతో లోపలికి వెళ్లవచ్చు. కీబోర్డు ముట్టుకోనే అక్కరలేదు. అయితే ఫోను ఆ కంప్యూటర్ దగ్గరే ఉందని రుజువు కావడానికి రెండింటిలోనూ బ్లూటూత్ ఉండాలి. కేఫ్‌లలోని పాత డెస్క్‌టాప్‌లలో అది చాలాసార్లు ఉండదు. దీన్నొక్కదాన్నే నమ్ముకుని బయలుదేరకండి.

ఈ అంచెకూ ఒక హద్దు ఉందని దాచకుండా చెప్పాలి. మీరు లోపలికి వెళ్లాక ఆ సేవ మీ బ్రౌజర్‌కు ఒక కుకీ ఇస్తుంది. కంప్యూటర్‌లో ముదిరిన దొంగ ప్రోగ్రాము ఉంటే పాస్‌వర్డ్‌నూ కోడ్‌నూ వదిలేసి ఆ కుకీనే ఎత్తుకుపోతుంది. అందుకే పని అయ్యాక కిటికీ మూసేయడం చాలదు. పేజీలోని లాగౌట్‌నే నొక్కాలి. అలా చేస్తే సర్వర్ వైపు కూడా ఆ కుకీ సాధారణంగా చెల్లకుండా పోతుంది.

## నాలుగో అడుగు: పాస్‌వర్డ్‌ను తాలుతో కలిపి కొట్టడం

కోడ్‌ను మామూలుగానే కొట్టవచ్చు, వాడగానే అది చచ్చిపోతుంది కనుక. కానీ పాస్‌వర్డ్ బతికే ఉంటుంది. దాన్ని కొట్టక తప్పనప్పుడు ఒక ఉపాయం ఉంది. దీన్ని 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో పనిచేసే కార్మాక్ హెర్లీ, దినేయ్ ఫ్లోరెన్సియో వివరించారు. కీలాగర్ ఏ అక్షరం నొక్కారో చూస్తుంది గానీ, అది పేజీలోని ఏ పెట్టెలో పడిందో సాధారణంగా చూడదు. కనుక గింజల్లో తాలు కలిపినట్టు, అసలు అక్షరాల మధ్య వేరేచోట కొట్టిన పనికిమాలిన అక్షరాలు కలిపేయాలి.

చేసే పద్ధతి ఇది. పాస్‌వర్డ్ పెట్టెలో మౌస్‌తో నొక్కి, మొదటి అక్షరం `K` కొట్టండి. ఇప్పుడు మౌస్‌తో పైనున్న అడ్రసు పట్టీలో నొక్కి, తోచిన అక్షరాలు రెండు మూడు కొట్టండి, ఎంటర్ మాత్రం నొక్కకండి. మళ్లీ పాస్‌వర్డ్ పెట్టెలో, ఉన్న చుక్కల చివర మౌస్‌తో నొక్కి, తరువాతి ఒకటో రెండో అక్షరాలు కొట్టండి. ఇలా చివరిదాకా సాగించండి. చివర ఎంటర్ బదులు లాగిన్ బటన్‌ను మౌస్‌తోనే నొక్కండి. ముగింపు ఎక్కడో కూడా తెలియకుండా, దానికి ముందు కూడా కొంత తాలు కొట్టండి.

పద్మ ఇలా కొట్టిందనుకుందాం: `K`, తాలు `rm2`, `al`, తాలు `w8e`, `u`, తాలు `tz`, `va`, తాలు `5hk`, `#`, తాలు `9pb`, `47`, తాలు `qe`. అప్పుడు కీలాగర్ ఫైలులో మిగిలేది:

```
[10:42] Sign in - Chrome
padma@example.comKrm2alw8eutzva5hk#9pb47qe
```

అసలువి 9 అక్షరాలు, తాలు 16. ఈ 25లో ఏవి ఏరుకోవాలో చదివేవాడికి తెలియదు. వందల మంది పాస్‌వర్డ్‌లు తేలిగ్గా దొరికిన ఫైలులో ఈ ఒక్క వరుస మీద కుస్తీ పట్టే ఓపిక కూడా అతనికి ఉండకపోవచ్చు.

చూడటానికి సులువుగా ఉంటుంది గానీ దీన్ని తప్పుగా చేసేవాళ్లే ఎక్కువ. తాలును నోట్‌ప్యాడ్‌లో కొడితే పని చెడుతుంది. కిటికీ మారగానే ప్రోగ్రాము కీలాగర్ దాని పేరు రాసి, కొత్త వరుస మొదలుపెడుతుంది. అప్పుడు తాలు ఒకవైపు, గింజ ఒకవైపు చక్కగా వేరు చేసి మీరే చేతికిచ్చినట్టు అవుతుంది. అందుకే తాలు కూడా అదే బ్రౌజర్ కిటికీలోనే పడాలి. అలాగే పొరపాటున తప్పు అక్షరం పడితే బ్యాక్‌స్పేస్ నొక్కకండి, అది కూడా నమోదవుతుంది. ఆ చుక్కను మౌస్‌తో ఎంచుకుని, దానిమీదే సరైన అక్షరం కొట్టండి, పాతది మాయమవుతుంది. పెట్టె మారడానికి ట్యాబ్ వాడకండి, కారణం అదే. ఊరికే పేజీ ఖాళీ భాగంలో నొక్కి తాలు కొట్టడం కూడా మంచిది కాదు. కొన్ని పేజీల్లో ఒంటి అక్షరాలే సత్వరమార్గాలుగా పనిచేసి ఏదో ఒకటి తెరుచుకుంటుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు, ఇదే పాస్‌వర్డ్‌ను ఇదే కంప్యూటర్‌లో రెండోసారి కొట్టడం. తాలు ప్రతిసారీ మారుతుంది, గింజలు మారవు. రెండు వరుసలను పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఒకే క్రమంలో వచ్చిన అక్షరాలు ఏరితే అసలు పాస్‌వర్డ్ బయటపడుతుంది. కనుక ఈ ఉపాయం ఒక పాస్‌వర్డ్‌కు ఒకేసారి చెల్లుతుందనుకోండి.

కీబోర్డు తీగమీది పరికరాన్ని ఈ పద్ధతి బాగానే మోసగిస్తుంది. దానికి కిటికీ పేర్లు, మౌస్ నొక్కులు ఏవీ తెలియవు. మామూలు ప్రోగ్రాము కీలాగర్‌ను కూడా చాలావరకు మోసగిస్తుంది. అయితే మౌస్ నొక్కిన ప్రతిసారీ తెర ఫొటో తీసే రకం మీరు ఏ పెట్టెలో నొక్కారో చూడగలదు. ఇక బ్రౌజర్ లోపలి నుంచి ఫారాన్నే ఎత్తుకుపోయే మూడో రకం ముందు ఇది ఏమాత్రం పనిచేయదు. మూడో అడుగులోని కోడ్ తోడు లేకుండా ఈ నాలుగో అడుగును ఎప్పుడూ వాడవద్దని చెప్పడం అందుకే.

తెరమీది కీబోర్డు గురించి కూడా ఇక్కడే చెప్పాలి, దాన్ని నమ్మేవాళ్లు ఎక్కువ కనుక. విండోస్‌లో `osk` అని కొడితే వచ్చే కీబోర్డు, మీరు మౌస్‌తో నొక్కిన అక్షరాన్ని నిజమైన కీబోర్డు నొక్కులాగే సిస్టమ్‌కు అందిస్తుంది. తీగమీది పరికరం దాన్ని చూడలేదు గానీ, ప్రోగ్రాము కీలాగర్ చూడగలదు. కొన్ని లాగిన్ పేజీలే చూపించే కీబోర్డు ఇంకొంచెం మెరుగు, ఎందుకంటే అందులో నొక్కినవి కీబోర్డు నొక్కులుగా మారకుండా నేరుగా పెట్టెలోకి వెళ్తాయి. అవి వచ్చాకనే మౌస్ నొక్కినచోట తెర ఫొటో తీసే దొంగ ప్రోగ్రాములు కూడా వచ్చాయి. పెన్‌డ్రైవ్‌లోని ఫైలు నుంచి పాస్‌వర్డ్‌ను కాపీ చేసి అతికించడం క్లిప్‌బోర్డును చదివే ప్రోగ్రాముకు పళ్లెంలో పెట్టి ఇవ్వడమే, పైగా ఆ ఫైలు మొత్తం ఆ కంప్యూటర్‌కు దొరుకుతుంది. పాస్‌వర్డ్ మేనేజర్‌ను అక్కడ తెరవనే వద్దు. దాని ప్రధాన పాస్‌వర్డ్ ఒక్కటి పోతే మిగిలినవన్నీ దాని వెంట పోతాయి.

## ఐదో అడుగు: బయటికొచ్చాక

పాస్‌వర్డ్ కొట్టి వచ్చారంటే, దానికిక ఆయువు తీరినట్టే లెక్క. మీ సొంత ఫోనులోనో ఇంటి కంప్యూటర్‌లోనో వీలైనంత త్వరగా మార్చండి. అనుమానం వచ్చిందని కేఫ్‌లోనే కూర్చుని మార్చకండి, కొత్త పాస్‌వర్డ్ కూడా ఆ ఫైలులోకే వెళ్తుంది. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా ఉంటే అక్కడ కూడా మార్చండి. దొంగలు మొదట చేసే పని, దొరికిన జతను తెలిసిన సేవలన్నిటిలో ప్రయత్నించి చూడటం.

పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన పాత లాగిన్లన్నీ అన్ని సేవల్లోనూ తెగిపోవు. ఖాతా భద్రతా పేజీలో, లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా తెరిచి, కేఫ్ కంప్యూటర్‌తో పాటు మీరు గుర్తుపట్టని ప్రతిదాన్నీ తొలగించండి. జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిస్తే, ఇన్‌బాక్స్ అడుగున కుడివైపు `Details` అనే చిన్న లింకు ఉంటుంది. ఇటీవల ఖాతాను ఎప్పుడు, ఏ తరహా పరికరం నుంచి, ఏ ఐపీ చిరునామా నుంచి తెరిచారో అందులో కనిపిస్తుంది. మీరు నిద్రపోతున్న వేళ, మీది కాని పరికరం నుంచి నమోదైన లాగిన్ కనబడితే ఎవరో లోపలికి వచ్చారనే అర్థం.

ఇంకో గుర్తు తనంతట తానే వస్తుంది. మీరు అడగకుండానే లాగిన్ కోడ్ మీ ఫోనుకు వచ్చినా, లాగిన్ అవుతున్నది మీరేనా అనే ప్రశ్న తెరమీద పడినా, ఎవరో మీ పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టి రెండో గడప దగ్గర ఆగిపోయి ఉండవచ్చు. అలాంటి ప్రశ్న పదేపదే వస్తే విసుగెత్తి అవును అని నొక్కేస్తారని వాళ్ల ఆశ. నొక్కకండి, ఆ కోడ్‌ను ఫోను చేసి అడిగినవారికి చెప్పకండి, వెంటనే పాస్‌వర్డ్ మార్చండి.

చివరగా చూడాల్సినది మెయిల్ సెట్టింగులు. లోపలికి వచ్చినవాడు తెలివైనవాడైతే, పాస్‌వర్డ్ ఎలాగూ మారుతుందని తెలిసి, వెళ్లేముందు వేరే దారి తెరిచి పోతాడు. జీమెయిల్‌లో `Forwarding and POP/IMAP` తెరిచి, మీ మెయిళ్లు తెలియని చిరునామాకు వెళ్తున్నాయేమో చూడండి. `Filters and Blocked Addresses`లో, బ్యాంకు మెయిళ్లనో పాస్‌వర్డ్ మార్పు హెచ్చరికలనో మీకు కనబడకుండా తొలగించే నియమం ఏదైనా చేరిందేమో చూడండి. ఆ తరువాత రికవరీ ఫోను నంబరు, రికవరీ మెయిల్ చిరునామా మీవేనా అని ఒక్కో అక్షరం చదివి సరిచూసుకోండి. నంబరులో ఒక అంకె మాత్రమే మార్చి ఉంటే పైపై చూపుకు అది దొరకదు.